విదేశీ షాపు నుంచి గ్యాడ్జెట్ తెప్పించుకోవాలంటే: పర్లాకిమిడి గుమ్మం దాకా ఒక ఈ-రీడర్ లెక్క

అమెరికా షాపులో 180 డాలర్లు అని కనబడే ఈ-రీడర్ మన ఇంటికి చేరేసరికి ఎంతవుతుంది? ఏడాది లోపల పాడైతే ఎవరు బాగుచేస్తారు? నచ్చక వెనక్కి పంపితే చేతికి ఎంత తిరిగొస్తుంది? ఈ మూడింటికీ అంకెలు కాగితం మీద పెట్టుకున్నాకే కార్డు నంబరు కొట్టాలని నా మాట. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో మొబైల్, ల్యాప్‌టాప్ రిపేరు షాపు నడుపుతున్నాను. బయటి దేశాల నుంచి తెప్పించుకున్న సరుకు పాడయ్యాక చాలావరకు నా బల్ల మీదకే వస్తుంది. అప్పుడు చేయగలిగింది తక్కువ. చేయగలిగిందంతా ఆర్డరు పెట్టక ముందే ఉంటుంది.

గుణుపురంలో కాలేజీ లెక్చరరుగా ఉన్న మా మేనల్లుడు ఈమధ్య ఇలాంటి ఈ-రీడర్ ఒకటి తెప్పించుకున్నాడు. ఆ ఉదాహరణతోనే మొదటినుంచీ చెబుతాను. ఫోనైనా, కెమెరా లెన్సైనా, కీబోర్డైనా దారి ఇదే.

మొదటి అడుగు: అది దేశంలోకి రానిస్తారా?

కొన్ని వస్తువులకు సుంకం లెక్క వేసుకోవడమే దండగ, అవి అసలు రావు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. ఈ-సిగరెట్లపై 2019 నుంచి నిషేధం ఉంది. శాటిలైట్ ఫోన్లకు, శాటిలైట్ ద్వారా మెసేజీలు పంపే ట్రెకింగ్ పరికరాలకు లైసెన్సు కావాలి. వాకీటాకీల జోలికీ వెళ్లకండి. వాడేసిన, రీఫర్బిష్ చేసిన ఎలక్ట్రానిక్స్ మీద ఆంక్షలున్నాయి కాబట్టి పాత సరుకు చవకగా దొరుకుతోందని ఆశపడితే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు విమానంలో పంపడానికి చాలా షాపులు ఒప్పుకోవు.

ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ విషయంలో చాలామందికి అనుమానం ఉంది. 2023 ఆగస్టులో వాటి దిగుమతికి లైసెన్సు పెట్టారు గానీ, పోస్టులోనో కొరియర్‌లోనో వచ్చే ఒక్క పీసుకు ఆ లైసెన్సు అవసరం లేదని అదే నోటిఫికేషన్‌లో ఉంది. సుంకం మాత్రం కట్టాల్సిందే. ఒకే పార్శిల్లో రెండు తెప్పిస్తే ఈ వెసులుబాటు పోతుంది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఆర్డరు పెట్టి షిప్పింగ్ ఆదా చేద్దామనుకునేది ఇక్కడే దెబ్బతింటుంది.

రెండో అడుగు: గుమ్మం దాకా ఖరీదు

మన దేశంలో ఇంత విలువ లోపు సరుకుకు సుంకం లేదు అనే మినహాయింపు కొన్న వస్తువులకు లేదు. పది డాలర్ల కేబుల్‌కైనా పడొచ్చు. 5,000 రూపాయల లోపు బహుమతికి సుంకం లేదనే పాత రూలును 2019 డిసెంబరులో తీసేశారు. రాఖీలకు, ప్రాణాధార మందులకు మాత్రమే మినహాయింపు మిగిలింది. అందుకని ‘గిఫ్ట్ అని రాసి పంపుతాం’ అనే అమ్మకందారు మీకు మేలు చేస్తున్నట్టు కాదు. ధర తక్కువ రాసి పంపుతామన్నా వద్దనే చెప్పండి. కస్టమ్స్ వాళ్లకు అనుమానమొస్తే కార్డు స్టేట్‌మెంటు అడుగుతారు. అసలు ధర మీద సుంకం, పైన జరిమానా కట్టాల్సి రావచ్చు. పార్శిల్ దారిలో పోతే బీమా మాత్రం ఆ రాసిన తక్కువ ధరకే వస్తుంది.

ఇక లెక్క. సుంకం వస్తువు ధర ఒక్కదాని మీదే వేయరు. ధర, రవాణా, బీమా మూడూ కలిపి, దాన్ని కస్టమ్స్ ప్రకటించే మార్పిడి రేటుతో రూపాయల్లోకి మారుస్తారు. బీమా ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతం కలుపుతారు. ఆ మొత్తం మీద మూల సుంకం పడుతుంది. సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి వర్తిస్తే అది మూల సుంకంలో పదో వంతు. ఇవన్నీ కలిపిన మొత్తం మీద దిగుమతులకు వేసే జీఎస్టీ, అదే ఐజీఎస్టీ. అంటే పన్ను మీద పన్ను అన్నమాట. రేట్లన్నీ కూడేసి ధరతో గుణిస్తే తక్కువ అంకె వచ్చేది ఇందుకే.

వ్యక్తిగత వాడకానికి వచ్చే సరుకును కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అనే హెడ్డింగ్ కింద లెక్కిస్తారు. దీని మీద ఐజీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. మూల సుంకాన్ని 2026 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 10కి తగ్గించారు. ఇంటర్నెట్‌లో 42 శాతం, 77 శాతం అని ఇప్పటికీ తిరుగుతున్న అంకెలు పాత రేట్లవి, వాటిని చూసి బెదిరిపోనక్కర్లేదు. రేట్లు బడ్జెట్టుకో మాటు మారతాయి కాబట్టి మీరు ఆర్డరు పెట్టే నెలలో ఉన్న రేటే వేసుకోండి.

మా వాడి ఈ-రీడర్ ధర 180 డాలర్లు, షిప్పింగ్ 20. డాలరు 90 రూపాయలని గుండ్రంగా అనుకుందాం. వస్తువు 16,200, షిప్పింగ్ 1,800, బీమా కింద 182. మొత్తం 18,182. దీని మీద 10 శాతం మూల సుంకం 1,818. సర్‌ఛార్జి కూడా పడుతుందనే అనుకుని ఎక్కువ లెక్కే వేద్దాం, అది 182. ఇప్పుడు 20,182 అయింది. దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 3,633. సుంకాలన్నీ కలిపి 5,633 రూపాయలు.

అక్కడితో అయిపోలేదు. కొరియర్ సంస్థ మన తరఫున ముందుగా సుంకం కట్టి, ఆ సేవకు విడిగా చార్జీ వేసి, దాని మీద జీఎస్టీ కలుపుతుంది. 700 చార్జీ అనుకుంటే 826 అవుతుంది. కార్డు బ్యాంకు విదేశీ కరెన్సీ మార్కప్ అంటూ 3.5 శాతం దాకా తీసుకుంటుంది, దాని మీదా జీఎస్టీ ఉంది. 18,000 మీద అది 743. ఇప్పుడు అన్నీ కూడితే 25,202. తెర మీద 16,200గా కనబడిన వస్తువు ఇంటికి 25,200 రూపాయలకు వచ్చింది.

చెక్ అవుట్ పేజీలో సుంకాలు ముందే వసూలు చేసే షాపులూ ఉన్నాయి. షిప్పింగ్ షరతుల్లో DDP అని ఉంటే సుంకం కట్టే పూచీ అమ్మకందారుదే. DAP అనో DDU అనో ఉంటే మనమే కట్టాలి. రెండు షాపుల ధరలు పోల్చేటప్పుడు ముందు ఈ మూడక్షరాలు చూడండి. DDP షాపు పది డాలర్లు ఎక్కువ చెప్పినా చివరికి అదే చవకపడొచ్చు.

మూడో అడుగు: పాడైతే ఎవరు దిక్కు?

అందరూ జారిపోయేది ఇక్కడ. బ్రాండు పేరు మన దేశంలో ఉన్నంత మాత్రాన ఆ పీసుకు ఇక్కడ వారంటీ ఉన్నట్టు కాదు. కంపెనీ వెబ్‌సైటులో వారంటీ పేజీ తెరిచి, ‘కొన్న దేశంలో మాత్రమే’ అన్న అర్థమొచ్చే వాక్యం ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలు ల్యాప్‌టాప్‌లకు అన్ని దేశాల్లో వారంటీ ఇస్తూ, ఫోన్లకు మాత్రం కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. కాబట్టి బ్రాండును అడిగితే చాలదు, మోడల్ నంబరుతో అడగాలి. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టి, ‘ఈ మోడల్ ఫలానా దేశంలో కొని ఒడిశాలో వాడుతుంటే ఇండియా సర్వీస్ సెంటరు తీసుకుంటుందా’ అని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు కౌంటరు దగ్గర విలువ ఉండదు.

వారంటీ ఉందన్నా మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడికైనా గుణుపురానికైనా పెద్ద బ్రాండ్ల సర్వీస్ అంటే విశాఖపట్నమో భువనేశ్వరో వెళ్లాలి. మహారాష్ట్ర వైపు సిరొంచ వాళ్లకైతే నాగపూరో హైదరాబాదో. ఒక రోజు పని పోవడం, బస్సు చార్జీలు, మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో ప్రయాణం, ఇవన్నీ ఖరీదులోకే వేసుకోండి.

ఈ-రీడర్లో పోయేవి ముఖ్యంగా రెండు, స్క్రీనూ బ్యాటరీ. ఈ-ఇంక్ స్క్రీను లోపల పల్చటి గాజు ఉంటుంది. బ్యాగులో ఒత్తుకుపోతే పైకి ఏమీ కనబడకుండా లోపల పగులుతుంది. అలా పగిలినవి బల్ల మీదకు వచ్చినప్పుడు తెర సగం బాగానే ఉండి, మిగతా సగంలో నిలువు గీతలు కదలకుండా నిలిచిపోయి కనిపిస్తాయి. ఇక్కడ అమ్మని మోడల్‌కు ఆ స్క్రీను దొరకదు. విదేశం నుంచి తెప్పిస్తే దానికీ షిప్పింగ్, దానికీ సుంకం. అంతా కలిపి కొత్తదాని ధరలో సగం దాటిపోతుంది. బ్యాటరీ అయితే కొలతలు కలిసేది ఎక్కడో ఒకటి దొరుకుతుంది, సర్దగలం.

అందుకని నేను పెట్టుకున్న హద్దు ఇది. అదే వస్తువు, లేదా దాదాపు అలాంటిదే, ఇండియా వారంటీతో ఇక్కడ దొరుకుతూ, గుమ్మం దాకా ఖరీదులో తేడా నాలుగో వంతు కన్నా తక్కువుంటే బయటి నుంచి తెప్పించవద్దు. 25,200కు వచ్చేదాన్ని ఇక్కడ 28,000కు అమ్ముతుంటే ఇక్కడే కొనండి. మా వాడికి కావలసిన మోడల్ ఇక్కడ అమ్మడం లేదు కాబట్టే ముందుకెళ్లాం.

అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి కరెంటు. అడాప్టరు మీద `Input: 100-240V ~ 50/60Hz` అని ఉంటే మన 230 వోల్టులకు పనికొస్తుంది, పిన్ను మార్చే ముక్క ఒకటి కొంటే చాలు. 120V అని మాత్రమే ఉంటే తగిలించిన క్షణంలో కాలిపోతుంది. ఫోనైతే సిమ్ సంగతి చూడాలి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే ట్రే లేదు, ఈ-సిమ్ ఒక్కటే.

రెండోది తెలుగు. ఇది నాకు ముఖ్యం. కొన్ని ఈ-రీడర్లలో తెలుగు పుస్తకం తెరిస్తే అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనబడతాయి. కొన్నింటిలో అక్షరాలొస్తాయి గానీ ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. సొంత ఫాంటు ఎక్కించుకునే వీలుంటే డబ్బాల సమస్య తీరుతుంది. ఒత్తులు విడిపోయేది మాత్రం ఫాంటుతో తీరకపోవచ్చు, అక్షరాలను కలిపి చూపే సాఫ్ట్‌వేరే అందులో లేకపోవచ్చు. ఆ మోడల్ వాడుతున్న వాళ్లెవరినైనా పట్టుకుని, ‘రాష్ట్రం, స్వాతంత్ర్యం’ అన్న మాటలున్న పేజీ ఒకటి ఫొటో తీసి పంపమనండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

నాలుగో అడుగు: పేరు, చిరునామా

సరిహద్దు జిల్లాల్లో పార్శిళ్లు ఎక్కువగా ఆగేది సుంకం దగ్గర కాదు, కేవైసీ దగ్గర. కొరియర్‌లో వచ్చే దిగుమతికి ఆధార్ లాంటి గుర్తింపు కాగితం ఇవ్వాలి. దాని మీద పేరు, పార్శిల్ మీద పేరు కలవాలి.

మనకు ఇక్కడ రెండు తేడాలొస్తాయి. ఇంటి పేరును పొడి అక్షరంగా ముందు రాసుకోవడం మనకు అలవాటు. ఆధార్‌లో అదే పూర్తిగా ముందో వెనకో ఉంటుంది. ఒడిశాలో ఇంకోటి కూడా ఉంది. బడి రికార్డుల్లో, కార్డుల్లో మన ‘వ’ కాస్తా ‘బ’ అయిపోతుంది. ఇంట్లో శ్రీనివాస్, ఆధార్‌లో Srinibas. మా వాడి పార్శిల్ ఇలాగే ఆగింది. షాపు ఖాతాలో పేరు మనం పలికినట్టు v తో ఉంది, కార్డులో b తో ఉంది. ట్రాకింగ్‌లో ‘క్లియరెన్స్ ఆలస్యం’ అని వచ్చింది, అదే రోజు కేవైసీ కోసం ఈమెయిల్ వచ్చి స్పామ్‌లో పడింది. ‘మావయ్యా, కదలడం లేదేంటి’ అని వాడు ఫోన్ చేస్తే ముందు స్పామ్ చూడమన్నాను. పాన్ కార్డులో v తోనే ఉండటంతో రెండు కార్డులూ పంపాక కదిలింది. మీరు ఆర్డరు పెట్టేటప్పుడే ఆధార్‌లో ఏ స్పెల్లింగు ఉంటే అదే అక్షరం పొల్లు పోకుండా షాపులో రాయండి.

చిరునామాకూ అంతే. పాతపట్నంలో చుట్టాలున్నారు, ఆంధ్ర చిరునామా ఇస్తే తొందరగా వస్తుందని కొందరు అలా పెడతారు. సుంకంలో పైసా తేడా ఉండదు, ఏ రాష్ట్రమైనా దిగుమతి పన్ను ఒకటే. ఆధార్‌లో ఒడిశా చిరునామా, పార్శిల్ మీద ఆంధ్ర చిరునామా ఉంటే మాత్రం అక్కడ ఉంటున్నట్టు రుజువు అడగవచ్చు. కొరియర్ మీ పిన్‌కోడ్‌కు ఇంటిదాకా తెస్తుందో లేదో ముందే వాళ్ల సైటులో చూసుకోండి. పర్లాకిమిడికి 761200, రాయగడకు 765001.

కార్డులో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు చాలావరకు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో తెరిచి, పరిమితి పెట్టుకుని, చెల్లించాక మళ్లీ మూసేయండి. క్రెడిట్ కార్డయితే సరుకు రానప్పుడు బ్యాంకులో వివాదం వేయడానికి సులువు.

ఐదో అడుగు: సుంకం కట్టేటప్పుడు

కొరియర్ అయితే సుంకం లింకు ఈమెయిల్‌లోనో మెసేజీలోనో వస్తుంది. పోస్టులో వస్తే పోస్ట్‌మ్యాన్ వసూలు చేసి రసీదు ఇస్తాడు. పార్శిల్ దారిలో ఉన్న రోజుల్లోనే దొంగ మెసేజీలూ వస్తాయి, ‘మీ పార్శిల్ కస్టమ్స్‌లో పట్టుకున్నారు, ఈ ఖాతాకు కట్టండి’ అని. వచ్చిన లింకు నొక్కకండి. కొరియర్ సైటు మీరే తెరిచి, మీ ట్రాకింగ్ నంబరు కొట్టి, అక్కడ బాకీ కనబడితేనే కట్టండి. ఏ కస్టమ్స్ అధికారీ వీడియో కాల్ చేసి సొంత ఖాతాకు డబ్బు వేయమనడు.

కట్టే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ అడగండి. హెడ్డింగ్, వస్తువు విలువ, మార్పిడి రేటు, ఒక్కో సుంకం విడివిడిగా అందులో ఉంటాయి. పైన వేసుకున్న లెక్కతో పోల్చి చూడండి. విలువ పొరపాటున పెంచి రాస్తే ఆర్డరు బిల్లు, కార్డు స్టేట్‌మెంటు పంపి సరిచేయమనడానికి అదే సమయం. డబ్బు కట్టి సరుకు తీసుకున్నాక సరిచేయించడం చాలా కష్టం.

ఆరో అడుగు: పెట్టె విప్పడం

పెట్టె మీది లేబులు, ట్రాకింగ్ నంబరు కనబడేలా మొదలుపెట్టి, వీడియో ఎక్కడా ఆపకుండా విప్పండి. సీరియల్ నంబరు, అడాప్టరు లేబులు దగ్గరగా చూపించండి. తరవాత పరీక్షలన్నీ రెండు రోజుల్లో పూర్తిచేయాలి. షాపు ఇచ్చే రిటర్ను గడువు పార్శిల్ చేరిన రోజు నుంచే మొదలవుతుంది. ఈ-రీడర్‌ను పూర్తి తెల్ల పేజీ, పూర్తి నల్ల పేజీ పెట్టి చూడండి, గీతలూ చచ్చిన చుక్కలూ బయటపడతాయి. రాత్రి గదిలో లైటు ఆపి వెలుగు అన్ని వైపులా ఒకేలా ఉందో చూడండి. పూర్తిగా చార్జి చేసి, వైఫై ఆపి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నకు బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే లోపం ఉన్నట్టే.

ఏడో అడుగు: వెనక్కి పంపాల్సి వస్తే

మా ఉదాహరణలోనే ‘నచ్చలేదు’ అని వెనక్కి పంపితే ఏమవుతుందో చూద్దాం. షాపు వస్తువు ధర 16,200 తిరిగిస్తుంది. వచ్చేటప్పటి షిప్పింగ్ 1,800, సుంకాలు 5,633, కొరియర్ చార్జీ 826, కార్డు మార్కప్ 743, ఇవన్నీ పోయినట్టే. వెనక్కి పంపే ఖర్చు 3,000 అనుకుంటే మొత్తం నష్టం 12,000 పైచిలుకు. పైగా బ్యాటరీ ఉన్న పరికరాన్ని విదేశానికి పంపడానికి తీసుకోబోమని చాలా కౌంటర్లలో చెబుతారు, బరంపురమో విశాఖో వెళ్లి తీసుకునే కొరియర్‌ను వెతుక్కోవాలి. అందుకే నచ్చడం నచ్చకపోవడం అనేది ఆర్డరుకు ముందే తేల్చుకోవాలి.

లోపం ఉన్న వస్తువైతే కట్టిన సుంకం తిరిగి రావడానికి కస్టమ్స్ చట్టంలో 26ఏ సెక్షన్ ఉంది. సరుకు లోపంతోనో చెప్పినదానికి భిన్నంగానో వచ్చి ఉండాలి. లోపం తెలుసుకోవడానికి తప్ప వాడి ఉండకూడదు, విప్పి బాగుచేసి అసలే ఉండకూడదు. క్లియరెన్స్ ఇచ్చిన 30 రోజుల్లో తిరిగి ఎగుమతి చేయాలి. అధికారి ఒప్పుకుంటే గడువు మూడు నెలల దాకా పెరుగుతుంది. వచ్చిన వస్తువూ పోతున్న వస్తువూ ఒకటేనని కస్టమ్స్‌కు నమ్మకం కలగాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ, సీరియల్ నంబరు, ఆగకుండా తీసిన వీడియో ఇక్కడ పనికొస్తాయి. కాబట్టి లోపం కనబడితే ‘ఒకసారి తెరిచి చూడన్నా’ అని నాలాంటి రిపేరు వాడి దగ్గరకు తేకండి. తెరిస్తే ఈ దారి మూసుకుపోతుంది, షాపు రిటర్నూ పోతుంది. 5,633 రూపాయల కోసం కస్టమ్స్ బ్రోకరును పెట్టుకుంటే అతని ఫీజుకే సరిపోతుందని కూడా చెప్పాలి. లక్ష రూపాయల కెమెరాకైతే ఈ సెక్షన్ కోసం తిరగడం లాభమే.

అందుకే లోపం ఉన్నప్పుడు అమ్మకందారుతో మొదట అడగాల్సింది వస్తువు వెనక్కి పంపకుండానే కొంత డబ్బు తిరిగివ్వమని. ఫొటోలు, వీడియో పెట్టి అడిగితే చాలా షాపులు ఒప్పుకుంటాయి. వాళ్లకూ అంత దూరం నుంచి తెప్పించుకోవడం భారమే.

‘కొత్తది ఉచితంగా పంపుతాం’ అంటే వెంటనే సరే అనకండి. ఉచితంగా వచ్చినదానికీ కస్టమ్స్ విలువ కట్టి మళ్లీ సుంకం వేస్తుంది. ఆ సుంకం ఎవరు పెట్టుకుంటారో ఈమెయిల్‌లో ఒప్పించుకోండి. మన పీసునే రిపేరుకు విదేశం పంపి తిరిగి తెప్పించుకుంటే మాత్రం సుంకం రిపేరు ఖర్చు, రాకపోకల రవాణా, బీమా మీదే పడుతుంది, అదీ రిపేరు కోసం ఎగుమతి చేస్తున్నట్టు పంపేటప్పుడే కాగితాల్లో రాయించి, మూడేళ్లలోపు తిరిగొస్తే. సీరియల్ నంబరు మారి వేరే పీసు వచ్చిందంటే అది కొత్త దిగుమతి కిందే లెక్క. పంపే ముందు, ‘ఇదే పీసు బాగుచేసి పంపుతారా, బదులు పీసు ఇస్తారా’ అని కంపెనీని అడిగి జవాబును ఈమెయిల్‌లో తీసుకుని, బిల్ ఆఫ్ ఎంట్రీతో కలిపి దాచిపెట్టుకోండి.